రాత్రి తోటలో దొంగ కనబడితే: మీ చేతిలోని కర్రకు చట్టం ఎంతవరకు తోడుంటుంది

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్నవాళ్లకు ఎండాకాలంలో కంటినిండా నిద్ర ఉండదు. తడి తప్పితే పిందె రాలిపోతుంది. సరిగ్గా అప్పుడే స్టార్టరు డబ్బాకూ బోరుకూ మధ్యనున్న వైరును ఎవరో రాత్రికి రాత్రి కోసుకుపోతారు. దాన్ని ఎక్కడో కాల్చి, పైతొడుగు కరిగించి, లోపలి రాగిని తుక్కు లెక్కన అమ్ముకుంటారు. వాళ్లకు దక్కేది కొద్ది డబ్బే, కానీ కొత్త వైరు వచ్చేదాకా తోట ఎండుతుంది. అందుకే చాలామంది మంచం తోటలోనే వేసుకుని, పక్కన ఒక కర్ర పెట్టుకుని పడుకుంటారు.

నేను క్రిమినల్ కేసులు చూసే వకీలును. అలా పడుకున్న మనిషి కొన్నాళ్లకు ముద్దాయిగా నా ఎదుట కూర్చుని అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మా సొమ్ము దొంగిలించిన వాణ్ని కొడితే మామీద కేసేమిటి సార్?" ఆ ప్రశ్నకు జవాబు కోర్టులో కాకుండా తోటలోనే తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గుర్రంపోడు వైపు ఐదెకరాల బత్తాయి తోట. అన్నదమ్ములిద్దరూ అక్కడే పడుకున్నారు. రాత్రి ఒంటిగంటన్నరకు బోరు దగ్గర చప్పుడైంది. చూస్తే ఇద్దరు మనుషులు, ఒకడి చేతిలో వైరు కోసే కటింగ్ ప్లేయరు, ఇంకొకడి భుజాన గొడ్డలి. ఇక్కడి నుంచి తెల్లవారేలోపు జరిగేదాన్ని ఒక్కో మెట్టుగా చూద్దాం. అయితే దానికి ముందు, పొద్దుండగానే చూసుకోవాల్సిన పని ఒకటుంది.

చీకటి పడకముందు

కంచెకు కరెంటు పెట్టకండి. అడవి పందుల కోసమని కొందరు, దొంగల కోసమని కొందరు జీఐ తీగకు నేరుగా కరెంటు ఇస్తారు. దాన్ని ఆత్మరక్షణ అనుకుంటారు. కాదు. ఆత్మరక్షణ అంటే ఎదుట ఉన్న మనిషిని, అతడు తెచ్చిపెట్టిన ప్రమాదాన్ని చూసి, దానికి తగినంత బలం వాడటం. తీగకు కళ్లుండవు. దొంగ తగిలినా, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు తగిలినా ఒకేలా చంపుతుంది. సుప్రీంకోర్టు ముందుకు 1960లలోనే బీహార్ నుంచి చెరుబిన్ గ్రెగరీ కేసు వచ్చింది. తన మరుగుదొడ్డిలోకి పక్కింటివాళ్లు వస్తున్నారని ఒకాయన దారిలో కరెంటు తీగ కట్టాడు. ఒక మహిళ దానికి తగిలి చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన ఆమె చట్టం రక్షణ కోల్పోదని, తీగ కట్టినవాడికి ఆత్మరక్షణ హక్కు వర్తించదని కోర్టు తేల్చి, శిక్షను ఖాయం చేసింది.

ఇంకో మాట. ఫలానా రాత్రి దొంగలు వస్తున్నారని మీకు మధ్యాహ్నమే తెలిసిందనుకోండి. పోలీసులకు చెప్పే వ్యవధి ఉండి కూడా చెప్పకుండా, పదిమందిని పోగేసి గొడ్డళ్లతో కాపు కాస్తే, ఆ తర్వాత జరిగినదానికి ఆత్మరక్షణ అనే పేరు నిలవడం కష్టం. ప్రభుత్వ సహాయం పొందే వ్యవధి ఉన్నచోట ఈ హక్కు లేదని భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ చెబుతుంది. (2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో ఈ సంహిత అమల్లో ఉంది. మనకు కావలసినవి 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు. పాతవాటిలో 96 నుంచి 106. అంకెలు మారాయిగానీ సారం దాదాపు అదే.) రోజూ కాపలాకు పడుకోవడం, పక్కన కర్ర ఉంచుకోవడం మాత్రం తప్పు కాదు.

కనబడగానే

ముందు టార్చి వేయండి, గట్టిగా అరవండి. పక్క తోటవాళ్లను పిలవండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు 100కో 112కో ఫోను చేయండి. ఇది మంచితనం కోసం చెప్పే సలహా కాదు. ఫోను చేసిన సమయం రికార్డులో ఉంటుంది. ఆ రాత్రి మీ ఉద్దేశం దొంగను పట్టివ్వడమా, పగ తీర్చుకోవడమా అని ఏడాది తర్వాత కోర్టులో ప్రశ్న వచ్చినప్పుడు, అంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు.

సొమ్మును కాపాడుకునే హక్కు ఈ క్షణానికే మొదలైంది. 35వ సెక్షన్ ప్రకారం మీ శరీరాన్నీ ఇతరుల శరీరాన్నీ, మీ ఆస్తినీ ఇతరుల ఆస్తినీ కాపాడే హక్కు మీకుంది. కాబట్టి అడ్డం వెళ్లవచ్చు, వైరు లాక్కోవచ్చు, వదలకపోతే నెట్టవచ్చు, అవసరమైతే చేతి మీద, కాలి మీద ఒక దెబ్బ వేయవచ్చు. పారిపోయి దాక్కోవాలని చట్టం ఎక్కడా అనలేదు. దాడికి గురైనవాడు పిరికివాడిలా పరుగెత్తనక్కరలేదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

కానీ ప్రాణం తీసే హక్కు మాత్రం ఇంకా పుట్టలేదు. మన రైతులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రాత్రి పూట దొంగను చంపినా ఫరవాలేదని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. దాని మూలం 41వ సెక్షన్. దోపిడీ జరిగినప్పుడు, సూర్యాస్తమయం తర్వాత ఇంటికి కన్నం వేసినప్పుడు, మనుషులుండే ఇంటికో సొమ్ము దాచే గదికో నిప్పు పెట్టినప్పుడు ఆ హక్కు ప్రాణం తీసేదాకా వెళుతుందని అది చెబుతుంది. ఆరుబయట బోరు దగ్గర వైరు కోయడం కన్నం వేయడం కాదు, మామూలు దొంగతనం. మామూలు దొంగతనంలో ఆ హక్కు ప్రాణం దాకా వెళ్లాలంటే, అడ్డుకోకపోతే మనకు చావో తీవ్రమైన గాయమో తప్పదన్న భయం సహేతుకంగా కలగాలి. అర్ధరాత్రి కావడం ఒక్కటే సరిపోదు.

ఒక పోలిక చెబుతాను. దొంగిలించిన సొమ్ము ఐదు వేల రూపాయల లోపుండి, అది వాడి మొదటి నేరమై, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే ఇప్పటి చట్టం దొంగకు వేసే శిక్ష సమాజ సేవ. వైరు ముక్కకు చట్టం కట్టిన వెల అది. ఆ వైరు కోసమే ఒక ప్రాణం పోయిందంటే, తరాజు రెండో పళ్లెంలో ఏముందని జడ్జి అడగక మానడు.

వాడు ఎదురు తిరిగితే

మన ఉదాహరణకు వద్దాం. టార్చి వెలుగు పడగానే కటింగ్ ప్లేయరు ఉన్నవాడు పరుగెత్తాడు. గొడ్డలి ఉన్నవాడు మాత్రం పరుగెత్తలేదు. గొడ్డలి ఎత్తి అన్న మీదికి వచ్చాడు. అన్న ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేతి మీద మూడు అంగుళాల మేర తెగింది.

ఇప్పుడు లెక్క మారిపోయింది. ఇది వైరు గొడవ కాదు, ప్రాణం గొడవ. చావు గానీ తీవ్రమైన గాయం గానీ తప్పదన్న భయం కలిగించే దాడి ఎదురైతే దాడి చేసేవాడి ప్రాణం తీసే వరకు కూడా హక్కు వెళుతుందని 38వ సెక్షన్ అంటుంది. పక్కనున్న తమ్ముడికి కూడా అదే హక్కుంది, ఎందుకంటే అన్న శరీరాన్ని కాపాడే హక్కు అతడిదీ. తమ్ముడు కర్ర ఎత్తి గొడ్డలి పట్టిన చేతి మీద కొట్టాడు. అది తప్పి తలకు తగిలి వాడు అక్కడికక్కడే చనిపోయినా, నేను ఆ కేసును ధైర్యంగా వాదిస్తాను.

ఆయుధానికి ఆయుధం సమానంగా ఉండాలన్న నియమం కూడా లేదు. దేవ్ నారాయణ్ అనే 1973 నాటి కేసులో లాఠీతో తల మీద కొట్టినవాణ్ని ఒకతను బల్లెంతో పొడిచాడు. లాఠీకి బల్లెం ఎక్కువైందన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తల మీద లాఠీ దెబ్బ కూడా ప్రాణం తీయగలదు. ప్రాణం మీదికొచ్చినవాడు తన దెబ్బను బంగారం తూచే త్రాసులో తూచి వేయలేడని కోర్టులు పదేపదే అంటాయి. ఆ క్షణంలో ఒక దెబ్బ ఎక్కువైందా తక్కువైందా అని చట్టం మరీ పీకి చూడదు. చట్టం పీకి చూసేది ఆ తర్వాతి క్షణాన్ని.

ఆగాల్సిన చోటు

కర్ర తగలగానే గొడ్డలి కింద పడింది. వాడు మణికట్టు పట్టుకుని రెండు అడుగులు వెనక్కి వేశాడు. వెనక్కి తిరిగి చెట్ల సందులోకి పరుగు తీశాడు.

ఈ వ్యాసం మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సిన చోటు ఇదే. శరీరాన్ని కాపాడుకునే హక్కు, ప్రమాదం ఉందన్న భయం ఉన్నంతసేపే ఉంటుందని 40వ సెక్షన్ చెబుతుంది. గొడ్డలి నేల మీద ఉంది, మనిషి వీపు చూపించి పరుగెడుతున్నాడు. ఇక ఏ భయం? సొమ్ము సంగతికొస్తే 43వ సెక్షన్ ప్రకారం దొంగ సొమ్ముతో సహా తప్పించుకుపోయే దాకానో, పోలీసు సహాయం అందే దాకానో, సొమ్ము మీ చేతికి తిరిగొచ్చే దాకానో ఆ హక్కు నడుస్తుంది. కోసిన వైరు బోరు దగ్గరే పడి ఉంది. అంటే సొమ్ము తిరిగొచ్చేసింది. ప్రాణ రక్షణ హక్కు, ఆస్తి రక్షణ హక్కు రెండూ దాదాపు ఒకే నిమిషంలో ముగిశాయి.

కానీ తోటలో ఆ నిమిషం ఎవరికీ కనిపించదు. అన్న చేతి నుంచి రక్తం కారుతోంది. అరుపులు విని పక్క తోటల నుంచి ఆరుగురు వచ్చారు. నూరు గజాల దూరంలో గట్టు మీద దొంగ కాలుజారి పడ్డాడు. తెచ్చి వేపచెట్టుకు కట్టేశారు. తర్వాత గంటసేపు తలా ఒక దెబ్బ వేశారు. తెల్లవారుజామున నీళ్లు అడిగాడు, తాగించారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి చనిపోయాడు.

అందరూ చెప్పే మాట: "వాడే ముందు గొడ్డలి ఎత్తాడు." నిజమే. కానీ హక్కు మనిషికి అతుక్కుని ఉండదు, ప్రమాదానికి అతుక్కుని ఉంటుంది. ప్రమాదం పోయాక అదే మనిషి మీద వేసే దెబ్బ ప్రతీకారం అవుతుంది. పొలం తగాదాలో పుట్టిన జై దేవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా ఇదే. ఎదుటివర్గం మీదికొచ్చినప్పుడు ముద్దాయిలకు ఆత్మరక్షణ హక్కు ఉండిందని ఒప్పుకుంటూనే, వాళ్లు తిరిగి పారిపోతున్నప్పుడు కాల్చడాన్ని మాత్రం ఆ హక్కు కిందికి రానివ్వలేదు.

ఇక్కడ రెండు వేర్వేరు తప్పులున్నాయి. వకీళ్లు కూడా అప్పుడప్పుడు కలిపేస్తారు కాబట్టి విడదీసి చెబుతాను. మొదటిది మోతాదు తప్పడం: హక్కు ఉంది, కానీ దాన్ని దాటారు. గొడ్డలి ఇంకా వాడి చేతిలో ఉండగానే, ఒక్క దెబ్బతో పోయేదానికి కంగారులో నాలుగు వేశారు. ముందస్తు ఆలోచన లేకుండా, అవసరానికి మించి హాని చేయాలన్న ఉద్దేశం లేకుండా, మంచి నమ్మకంతో చేసి ఉంటే, హత్యను నిర్వచించే 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు కాపాడుతుంది. అది హత్య కాని నరహత్య అవుతుంది. పరిస్థితిని బట్టి 105వ సెక్షన్ కింద శిక్ష తగ్గుతుంది. రెండోది సమయం దాటడం: హక్కు అసలు లేనప్పుడు కొట్టడం. లేని హక్కును దాటడమంటూ ఉండదు కాబట్టి ఆ మినహాయింపు అక్కడ పనికిరాదు. చెట్టుకు కట్టి కొట్టడం ఈ రెండో రకం. కేసు హత్య కింద నమోదైతే శిక్ష యావజ్జీవం లేదా మరణశిక్ష. కట్టేసి కొట్టినవాళ్లలో ఎవరి దెబ్బకు చనిపోయాడో తెలియకపోయినా అందరూ తప్పించుకుంటారనుకోకండి. ఉమ్మడి ఉద్దేశంతో చేసిన పనికి అందరూ బాధ్యులే. ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే చట్టవిరుద్ధ గుంపు సెక్షన్ కూడా వచ్చి చేరుతుంది. దెబ్బ వేయకుండా తాడు పట్టుకున్నవాడి పరిస్థితీ అంతే.

చీకట్లో ఎవరూ చూడలేదు కదా అనుకుంటారు. శవం చూసినదంతా చెబుతుంది. కర్ర దెబ్బ పడినచోట చర్మం మీద రైలు పట్టాల్లా రెండు ఎర్ర గీతలు, మధ్యలో తెల్లగా ఖాళీ మిగులుతాయి. అలాంటివి వీపు మీద, తొడల వెనక, అరికాళ్లలో పదో పన్నెండో ఉంటే, ఆ మనిషి ఎదురు తిరుగుతున్నప్పుడు తగిలినవి కావని డాక్టరుకు, జడ్జికి ఇద్దరికీ తెలుస్తుంది. మణికట్ల చుట్టూ తాడు ఒరుసుకున్న గీత కింద రక్తం గడ్డకట్టి ఉంటే, బతికుండగానే కట్టేశారని అర్థం. ముంజేతి ఎముక విరగడం, గొడ్డలి పట్టిన చేతి మీద ఒక్క దెబ్బ, ఇవి మీ కథకు సాక్ష్యం. అరికాలి మీద దెబ్బ మీ కథను చంపేస్తుంది.

పట్టుకున్నాక

పట్టుకోవడం తప్పు కాదు. మీ కళ్లెదుట బెయిలు దొరకని, పోలీసులు నేరుగా అరెస్టు చేయగల నేరం చేసినవాణ్ని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. గొడ్డలితో నరికినవాడు ఆ కోవలోకే వస్తాడు. కానీ అనవసర ఆలస్యం లేకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పెనుగులాడితే పట్టి ఉంచేంత బలం సరిపోతుంది. కట్టాల్సివస్తే రెండు చేతులూ వెనక్కి కట్టి నేల మీద కూర్చోబెట్టండి, చెట్టుకు వేలాడదీయకండి. నీళ్లు అడిగితే ఇవ్వండి, రక్తం కారుతుంటే 108కి ఫోను చేయండి. కాపలాకు ఇద్దరు చాలు. వచ్చిన గుంపును వెనక్కి పంపడం ఇంటివాళ్ల పని, దాన్ని పెద్దవాళ్లకు అప్పగించండి. కోపంలో ఉన్న తమ్ముడిని మాత్రం కాపలాకు పెట్టకండి.

తెల్లవారాక

మొదట ఆస్పత్రికి, అదీ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. ముంజేతి గాయాన్ని ఇంట్లో పసుపు పెట్టి కట్టుకుంటే ఆ గాయం కోర్టుకు లేనట్టే. డాక్టరు ఎంఎల్‌సీ రాస్తారు: గాయం పొడవెంత, లోతెంత, పదునైన ఆయుధంతోనా మొద్దుదానితోనా అని. ఎత్తిన గొడ్డలి కింద మీరు చెయ్యి అడ్డం పెట్టారని చూపే కాగితం అదొక్కటే. మీరు అరెస్టయి మేజిస్ట్రేటు ఎదుటకు వెళితే గాయం చూపించి చెప్పండి. ముద్దాయి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ వివరణ ఇవ్వలేకపోతే వాళ్ల కథ మీద అనుమానం వస్తుందని సుప్రీంకోర్టు 1976లో లక్ష్మీసింగ్ కేసులో చెప్పింది.

రెండోది ఫిర్యాదు. అదే రోజు రాయండి. గొడ్డలి ఎవరెత్తారు, మీరెన్ని దెబ్బలు వేశారు, వాడు ఎప్పుడు పరుగెత్తాడు అన్నది ఉన్నది ఉన్నట్టు రాయండి. వైరు, కటింగ్ ప్లేయరు, గొడ్డలి పడినచోటే వదిలేసి ఫోటో తీయండి. మీ కర్రను కడగకండి, కాల్చకండి, బావిలో పడేయకండి. దాచిన కర్ర దొరికితే, దాచినందుకే అనుమానిస్తారు.

నేను చూసినవాటిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు "మేము ఆ రాత్రి తోటలో లేనే లేము" అనడం. ఊరి పెద్దలెవరో అలా చెప్పమని చెబుతారు. ఆత్మరక్షణ అంటే కొట్టామని ఒప్పుకుని, ఎందుకు కొట్టామో చెప్పడం. అక్కడ లేనివాడికి ఆత్మరక్షణ ఎలా ఉంటుంది? రికార్డులో ఉన్న సాక్ష్యాన్ని బట్టి కోర్టు తనంతట తానే ఆ హక్కును గుర్తించవచ్చు, కానీ దాని మీద ఆధారపడి కేసు నడపలేం. ఆత్మరక్షణను చూపించాల్సిన భారం ముద్దాయిదే. అయితే అది ప్రాసిక్యూషన్ భారమంత బరువైనది కాదు. అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు.

వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఎంఎల్‌సీ నకలు, 100కు చేసిన ఫోను సమయం కనిపించే మీ ఫోను, వైరు కొన్న రసీదు తీసుకెళ్లండి. రసీదు ఎందుకని చాలామంది అడుగుతారు. ఆ వైరు మీదేనని తేలితేనే, అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు మీరు దాని దగ్గర ఎందుకున్నారో కోర్టుకు అర్థమవుతుంది.